పద్దెనిమిదో అంతస్తు గాలిలో మందారం, టమాటా, తులసి

"నార్సింగి దగ్గర 18వ అంతస్తులో ఉంటున్నాం. బాల్కనీ పడమర వైపు, పది అడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, ముందంతా స్టీలు కడ్డీల రెయిలింగ్. జూన్ మొదలైనప్పటి నుంచి గాలికి ఒక్క మొక్కా కుదురుగా లేదు. మూడు మెట్ల ఇనుప స్టాండు మీద పెట్టిన నాలుగడుగుల మందారం కుండీతో సహా రెండుసార్లు పడింది. టమాటాకి కర్ర కట్టినా కట్టిన చోటే విరిగింది. తులసి ఒకవైపు ఆకుల అంచులు మాడి బోసిగా అయిపోయింది. మావారు మొత్తం ప్లాస్టిక్ షీటుతో మూసేద్దాం అంటున్నారు. అత్తయ్యగారేమో తులసిని నేల మీద పెట్టొద్దంటున్నారు. ఏం చేయమంటారు?"

షీటు ఇంకా కొనకపోతే ఆగండి. దాని సంగతి తర్వాత చెప్తాను, ముందు ఈరోజే చేయాల్సిన పని ఒకటుంది. ఆ స్టాండు ఖాళీ చేసి అన్ని కుండీలనూ నేల మీదికి దించండి. రెయిలింగ్ పైన గానీ, రెయిలింగ్‌కి బయటివైపు గానీ ఏదైనా కుండీ తగిలించి ఉంటే అది ఈ పూటే లోపలికి రావాలి. పద్దెనిమిదో అంతస్తు నుంచి చిన్న కుండీ జారినా కింద నడిచేవాళ్ల ప్రాణం మీదికి వస్తుంది. కొక్కెం ఎంత గట్టిదైనా సరే, దానికి మినహాయింపు లేదు.

హైదరాబాద్‌లో మృగశిర కార్తె వచ్చిందంటే పడమటి గాలి మొదలవుతుంది, ఆషాఢమంతా పగలూ రాత్రీ తెరిపి లేకుండా వీస్తుంది, ఆగస్టు దాటాక గానీ మెత్తబడదు. వేసవి సాయంత్రాల్లో వచ్చే ఈదురుగాలి అరగంటో గంటో విరుచుకుపడి పోతుంది. ఇది అలా కాదు, మూడు నెలలు వదలదు. పైగా నేల దగ్గర చెట్లూ ఇళ్లూ అడ్డుపడి గాలి వేగం తగ్గుతుంది కానీ మీ ఎత్తులో దాన్ని ఆపేదేమీ లేదు. రెండు టవర్ల మధ్య సందులోనూ, బిల్డింగు మూలల దగ్గరా అది ఇంకా వేగం పుంజుకుంటుంది. వేగం రెట్టింపైతే మొక్క మీద పడే తోపు రెట్టింపుతో ఆగదు, నాలుగు రెట్లవుతుంది. అందుకే మూడో అంతస్తులో మీ చెల్లెలో స్నేహితురాలో ఇదే మందారాన్ని ఏ ఊతం లేకుండా పెంచుతుంటే అది మీకు కొలమానం కాదు.

మీ మందారం ఎందుకు పడిందో చిన్న లెక్క వేసి చూద్దాం, ఎందుకంటే ఈ లెక్క అర్థమైతే మిగతా కుండీల గురించి మీరే నిర్ణయించుకోగలరు. నాలుగడుగుల మొక్క అంటే దాని గుబురు మధ్యభాగం కుండీ అడుగు నుంచి సుమారు మూడడుగుల ఎత్తులో ఉంటుంది. పది అంగుళాల ప్లాస్టిక్ కుండీకి అడుగు వెడల్పు ఏడు అంగుళాలే, అంటే నడిమి నుంచి అంచు వరకు మూడున్నర. నర్సరీ నుంచి వచ్చిన కోకోపీట్ మిశ్రమం కాస్త ఎండితే కుండీ మొత్తం బరువు ఐదు కిలోలు దాటదు. ఇంత పొడుగు కాడకి అంత చిన్న పీట! గుబురు మీద అరకిలో తోపు పడితే చాలు, కుండీ ఒరిగిపోతుంది. అరకిలో అంటే చిటికెన వేలితో నెట్టినంత. ఇప్పుడు అదే మొక్కను రెండడుగులకు తగ్గించి, అడుగు పది అంగుళాలుండే వెడల్పైన కుండీలో, సగం మట్టి కలిపిన మిశ్రమంలో పెట్టామనుకోండి. బరువు పద్దెనిమిది కిలోల దాకా వస్తుంది, గుబురు మధ్యభాగం ఇరవై అంగుళాలకు దిగుతుంది, దాన్ని పడేయడానికి నాలుగున్నర కిలోల తోపు కావాలి. తొమ్మిది రెట్లు తేడా, అదీ ఒక్క తాడు కూడా కట్టకుండానే. గుబురు చిన్నదైంది కాబట్టి గాలికి దొరికేదీ తగ్గింది, అది అదనపు లాభం.

కాబట్టి మందారానికి ఇలా చేయండి. పై నుంచి సగం ఎత్తు వరకు కొమ్మలు కత్తిరించండి, ఒక్కో కోత కణుపుకి కొంచెం పైన, బయటివైపు చూస్తున్న మొగ్గ దగ్గర పడాలి. మరీ పొడుగ్గా సాగిన కొమ్మ ఉంటే దాన్ని మాత్రం ఇంకొంచెం కిందికి తెండి. మందారం కొత్త చిగుళ్ల మీదే పూస్తుంది కాబట్టి రెండు నెలల దాకా పూలు తగ్గుతాయి, దానికి సిద్ధపడాలి. ఇప్పుడు ఎలాగూ మొగ్గలు గాలికి రాలిపోతూనే ఉన్నాయి కదా, పోయేదేమీ లేదు. వేళ్ల ముద్ద చెదరకుండా అలాగే ఎత్తి పెద్ద కుండీలో పెట్టి, చుట్టూ ఎర్రమట్టి ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువూ కోకోపీటూ కలిపి ఒక పాలు వేసి నొక్కండి. ఉత్త కోకోపీట్ వద్దు, అది తేలిక, ఎండితే పొడిలా ఎగిరి కింది ఇళ్లవాళ్ల కళ్లల్లో పడుతుంది. కుండీ మార్చాక నాలుగు రోజులు గాలి తగలని మూలలో ఉంచి అప్పుడు దాని చోటికి తెండి. మట్టి కుండీలు బరువు కదా అని కొందరు అన్నీ అవే కొంటారు, అవి గాలికి పడితే మాత్రం పగులుతాయి. మట్టిదైనా ప్లాస్టిక్‌దైనా వెడల్పు అడుగున్నదే నిలబడుతుంది. అలాగని వంద లీటర్ల డ్రమ్ములు తెచ్చి రెయిలింగ్ పక్కన వరుసగా పేర్చొద్దు. బరువైన కుండీలు ఇంటి గోడ వైపు ఉండాలి, తేలికైనవి బయటి అంచు వైపు.

నేల మీద పెట్టడం ఒక్కటే సరిపోతుందా అంటే మీ ఇంట్లో సరిపోదు. ముందువైపు సిమెంటు పిట్టగోడ ఉన్నవాళ్లకు దాని వెనక మూడడుగుల ఎత్తు వరకు కొంత మరుగు దొరుకుతుంది. మీది కడ్డీల రెయిలింగ్, గాలి నేల దగ్గర కూడా సూటిగా లోపలికి వస్తుంది. ఎక్కడ ఎంత వస్తోందో కళ్లతో చూడండి. పాత కాటన్ చీర అంచు నుంచి జానెడు పొడవు పీలికలు ఆరు చింపి, రెయిలింగ్‌కి రెండు చివర్లా మధ్యలో పాదం ఎత్తున మూడు, నడుము ఎత్తున మూడు కట్టండి. గాలి బాగా వీచే మధ్యాహ్నం ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి చూడండి. ఏ పీలిక అడ్డంగా చాచుకుని టపటపా కొట్టుకుంటోందో అక్కడ మొక్క పెట్టకూడదు. ఏది మెల్లగా ఊగుతూ కిందికి వాలుతోందో అది మీ మొక్కల చోటు. చాలా ఇళ్లల్లో ఒక చివర గోడ మూల దగ్గర గాలి సగం కూడా ఉండదు, ఆ సంగతి పీలిక కట్టేదాకా ఇంట్లోవాళ్లకు తెలీదు.

మీవారి షీటు సంగతికి వస్తాను. ఆయన ఆలోచన సహజమైందే, గాలిని ఆపాలంటే మూసేయాలి అనే అందరికీ తోస్తుంది. కానీ సందు లేని అడ్డం పెడితే గాలి ఆగిపోదు. పైనుంచి దూకి లోపల సుడి తిరుగుతుంది, అప్పుడు మొక్క ఒకే వైపు వంగే బదులు నాలుగు వైపులా విదిలించినట్టవుతుంది. ఇంకో సంగతి, ఆ షీటు మీద పడే బరువు. గంటకు 50 కిలోమీటర్ల గాలి వస్తే చదరపు మీటరుకు పన్నెండు కిలోల తోపు ఉంటుంది. మీ రెయిలింగ్ పొడవునా పది అడుగులు, నాలుగడుగుల ఎత్తున షీటు కట్టారంటే మొత్తం నలభై ఐదు కిలోల దాకా పడుతుంది. ఇది మామూలు ఆషాఢపు జోరుకే. ఏప్రిల్, మే ఈదురుగాలికి వేగం రెట్టింపైతే అది నూట ఎనభై కిలోలు. కట్టుతాళ్లు దాన్ని ఆపలేవు. నేనూ ఒకప్పుడు పద్నాలుగో అంతస్తులో వెదురు తడక కట్టాను, నాలుగు మూలలా ఇనుప తీగతో గట్టిగానే బిగించాను. ఒక ఏప్రిల్ సాయంత్రం పై మూల ఊడి, ఆ తడక తలుపులా కొట్టుకుంటూ పక్కనున్న కరివేపాకు చెట్టు చిగుళ్లన్నీ పావుగంటలో తెంపేసింది. ఆ గాలిలో నేను దాన్ని పట్టుకోవడానికి బయటికి వెళ్లడమే ప్రమాదమైంది. ఊడి కింద పడి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ వణుకు వస్తుంది.

మీకు కావాల్సింది గాలిని వడకట్టేది. నర్సరీలవాళ్లు వాడే 50 శాతం షేడ్ నెట్, అందరూ గ్రీన్ నెట్ అంటారు చూడండి, అది. కొంత గాలి దాని కన్నాల్లోంచి వెళ్లనిస్తుంది కాబట్టి వెనకాల సుడి పుట్టదు, వచ్చే గాలి వేగం మాత్రం తగ్గుతుంది. షాపులో 75, 90 శాతం కూడా చూపిస్తారు, చిక్కగా ఉంటే మంచిదనిపిస్తుంది, కానీ అవి షీటుకి అన్నదమ్ములే. తీసుకోవద్దు. పావురాల నెట్ సంగతి వేరు, దాని కన్నాలు మరీ పెద్దవి, గాలిని ఏమాత్రం తగ్గించదు. ఎత్తు కూడా నేల నుంచి రెయిలింగ్ పై కమ్మీ వరకే చాలు, సీలింగ్ దాకా కట్టొద్దు. మొక్కలన్నీ కిందికి వచ్చేశాయి కాబట్టి పైన మూసి లాభం లేదు, గాలికి దొరికే చోటు పెంచినట్టే.

కట్టే పద్ధతిలోనే అంతా ఉంది. నెట్ అంచుని రెండు అంగుళాలు మడిచి, ఆ రెండు పొరల్లోంచి కేబుల్ టై పోనిచ్చి కడ్డీకి బిగించండి. ఎండకు త్వరగా పెళుసెక్కని నల్ల టైలు అడిగి తీసుకోండి. పైన, కింద, మధ్యలో మూడు వరుసలు, ఒక్కో వరుసలో తొమ్మిది అంగుళాలకొకటి చొప్పున. మీ పొడవుకి వరుసకు పద్నాలుగు, మొత్తం నలభై రెండు టైలు పడతాయి. నెట్ కడ్డీలకు లోపలివైపే ఉండాలి. నిజానికి బయటివైపు కడితే గాలి నెట్‌ని కడ్డీలకు ఆనించి పట్టుకుంటుంది, అదే బలం, కానీ అందుకోసం పద్దెనిమిదో అంతస్తులో బయటికి వంగడం ఎవరికీ వద్దు. లోపల కడితే గాలి బరువంతా టైల మీదే పడుతుంది, అందుకే అన్ని వేయమంటున్నాను. నెలకోసారి చేత్తో లాగి చూసి వదులైనవీ తెగినవీ మార్చండి. కింద వాన నీళ్లు పోయే చోట అంగుళం ఎత్తులో వదిలేయండి, లేకపోతే ఆకులు చేరి నీళ్లు నిలుస్తాయి. ముందుగా మీ అసోసియేషన్‌ని ఒక మాట అడగండి, బయటికి కనిపించేది ఏదైనా కొన్ని చోట్ల ఒప్పుకోరు.

నెట్ వల్ల ఒక నష్టముంది. వెలుతురు కూడా తగ్గిస్తుంది. మీది పడమర బాల్కనీ, ఎండ మధ్యాహ్నం తర్వాతే వస్తుంది, అందులోనూ నెట్ వెనక మొక్కలకు సగమే అందుతుంది. మందారానికి మొగ్గలు తగ్గినట్టనిపిస్తే 35 శాతం నెట్‌కి మారండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా గాలి పెద్దగా ఉండదు, ఎండ కావాలి, అప్పుడు విప్పి చుట్టి పెట్టేసుకోవచ్చు. కట్టాక మళ్లీ పీలికలు చూడండి. పాదం ఎత్తున కట్టినవి చాచుకోవడం మానేసి వేలాడుతూ ఊగుతుంటే పని జరిగినట్టే. ముందు అద్దాల రెయిలింగ్ ఉన్నవాళ్లకు ఒక ముక్క: మీ అద్దం కింద నేలకీ అద్దానికీ మధ్య నాలుగు వేళ్ల సందు ఉంటుంది కదా, గాలి అంతా ఆ సందులోంచి చాకులా దూసుకొస్తుంది, కుండీ అడుగు భాగం అక్కడే ఎండిపోతుంది. కుండీలను అద్దానికి అడుగున్నర దూరం జరపండి, లేదా సందు ముందు ఇటుకలు మధ్యలో ఖాళీలు వదిలి పేర్చండి.

టమాటా విషయంలో మీరు చేసిన తప్పు చాలామంది చేసేదే. కర్రకు కాండాన్ని పైన, బిగించి కట్టి ఉంటారు. అప్పుడు కట్టు కింది భాగం కదలదు, కట్టు పైన ఉన్న తల మాత్రం గాలికి కొట్టుకుంటుంది, ఆ రెండింటి సరిహద్దు దగ్గర కాండం నలిగి నలిగి తెగుతుంది. విరిగిన చోట చూడండి, కాండం చుట్టూ గోధుమరంగు గీత పడి ఉంటుంది, అది కట్టు కోసిన గుర్తు. మొక్క కొంచెం ఊగాలి. ఊగిన కాండమే లావెక్కుతుంది, పొట్టిగా గట్టిగా తయారవుతుంది. అసలు కదలకుండా కట్టేసిన మొక్క సన్నగా సాగి, కట్టు విప్పిన రోజే వాలిపోతుంది. అందుకని ఎక్కడ కట్టాలో ఇలా చూసుకోండి. కాండాన్ని మొదట్లో రెండు వేళ్లతో పట్టుకుని, వేళ్లను కొంచెం కొంచెం పైకి జరుపుకుంటూ వెళ్లండి. ఏ ఎత్తులో పట్టుకున్నప్పుడు పై భాగం తనంతట తాను నిలబడుతుందో అక్కడికి రెండు వేళ్ల పైన కట్టు వేయాలి. ఎక్కువసార్లు అది సగం ఎత్తుకి కిందే ఉంటుంది.

ఒక కర్ర కాదు, రెండు. కాండానికి చెరో పక్క, కుండీ అంచుకు దగ్గరగా, కొన కుండీ అడుగుకు తగిలేదాకా దించండి. పైపై మట్టిలో గుచ్చిన కర్రని మొక్కే మోయాల్సి వస్తుంది. కట్టడానికి మెత్తటి కాటన్ పీలిక, వేలు వెడల్పుది. కర్ర చుట్టూ బిగువుగా, కాండం చుట్టూ వదులుగా, మధ్యలో మెలిక పడేలా ఎనిమిది అంకె ఆకారంలో తిప్పండి. కాండానికీ పీలికకీ మధ్య మీ చిటికెన వేలు దూరాలి. ప్లాస్టిక్ సుతిలీ, ఇనుప తీగ అస్సలు వద్దు. కర్ర మొక్క కన్నా పొడుగ్గా ఉండక్కర్లేదు, పొడుగు కర్ర కుండీని పడేసే మీటలా పనిచేస్తుంది. మందారానికి కూడా కుండీ మార్చాక ఇలాగే రెండు కర్రలు పెట్టి, రెండు నెలల తర్వాత విప్పేయండి. ఇక టమాటాని మాత్రం ఈ సీజన్‌కి వదిలేయమనే చెప్తాను. ఆగస్టు చివర్లో కిటికీ దగ్గర నారు పోసుకుని, గాలి మెత్తబడ్డాక సెప్టెంబరు నెలాఖరున కుండీల్లోకి మార్చండి, పొట్టి రకం అడగండి. ఈలోపు అదే చోట తోటకూర, మెంతికూర వెడల్పు తొట్టెల్లో వేసుకోవచ్చు, జానెడు ఎత్తులో కోసుకుంటాం కాబట్టి గాలి వాటిని ఏమీ చేయదు. వామాకు, కలబంద, నిమ్మగడ్డి కూడా మీ బాల్కనీకి తట్టుకుంటాయి. బీర, సొర లాంటి పెద్దాకు తీగలు పెట్టొద్దు, ఆకులు చిరిగి పీలికలవుతాయి.

తులసి గురించి అత్తయ్యగారిని నొప్పించాల్సిన పని లేదు. ఒకటిన్నర అడుగుల సిమెంటు తులసికోట తెచ్చి, దాని కింద ఒక వరుస ఇటుకలు పేర్చి, పీలికలు చూపించిన గాలి తక్కువ మూలలో గోడకు దగ్గరగా పెట్టండి. ఇటుక మూడు అంగుళాలు, కోట పద్దెనిమిది, తులసిని పదిహేను అంగుళాల ఎత్తులో ఉంచుకుంటే మొత్తం మూడడుగులు. రెయిలింగ్ మూడున్నర అడుగులుంటే, దానంత ఎత్తున్న నెట్ మరుగులోకి మొత్తం వచ్చేస్తుంది. నేల మీద పెట్టినట్టూ కాదు, గాలికి వదిలినట్టూ కాదు. కోట బరువుకి కదలదు. తులసి ఎత్తు పెరగకుండా కంకులు కనిపించగానే గిల్లేయండి, పక్క కొమ్మలు వేసి గుబురవుతుంది. మాడిన ఆకులు తిరిగి పచ్చబడవు, వాటిని చూసి టెన్షన్ పడొద్దు. కొత్త చిగురు అంచులు శుభ్రంగా వస్తున్నాయా లేదా అన్నదే చూడాలి.

ఒకవైపే మాడిందన్నారు కాబట్టి ఇది గాలి పనే. వేరు కుళ్లితే మొక్క అంతా ఒకేలా పసుపెక్కి వాలుతుంది, గాలి దెబ్బ మాత్రం పడమర వైపున్న ఆకుల అంచుల మీదే ముందు కనిపిస్తుంది. ఇంకో గుర్తు కాండం మొదట్లో ఉంటుంది, వంగి చూడండి. కాండం చుట్టూ మట్టిలో చిన్న గరాటు ఆకారంలో ఖాళీ పడి ఉంటే మొక్క మొదలంటా ఊగుతోందని, లోపల సన్నవేళ్లు తెగుతున్నాయని అర్థం. అలాంటి మొక్కకు ఎన్ని నీళ్లు పోసినా వాడినట్టే ఉంటుంది. ఆ ఖాళీలో మట్టి నింపి వేళ్లతో నొక్కి, అప్పుడు కర్రలు పెట్టండి.

నీళ్ల దగ్గర వానాకాలం మోసం చేస్తుంది. బయట ముసురు పట్టి ఉంటే మనం నీళ్లు పోయడం మానేస్తాం, మీ బాల్కనీలో మాత్రం పైన స్లాబు ఉంది, జల్లు కుండీ అంచు దాకా వచ్చి ఆగుతుంది. ఎండ లేకపోయినా గాలే మట్టిని ఎండగడుతుంది. రోజూ పొద్దున కుండీని ఒక పక్క కొంచెం ఎత్తి చూడండి, తేలిగ్గా లేచిందంటే నీళ్లు పోయాలి. పెద్ద కుండీల్లో రెండు కణుపుల లోతు వేలు దింపి చూడండి. మట్టి పైన ఎండుటాకులు పరిస్తే ఎగిరిపోతాయి, కొబ్బరి డొక్కలు పీచు వైపు కిందికి పెట్టి పరవండి, పైన రెండు పెంకు ముక్కలు బరువుగా ఉంచండి.

వరస చెప్పాలంటే ఈరోజే కుండీలు దించడం, ఈ వారంలో పీలికలు కట్టి చూడటం. వచ్చే ఆదివారం నెట్. ఆ తర్వాత మందారం కత్తిరింపు, కుండీ మార్పిడి. నెట్ కట్టకముందు కత్తిరిస్తే లేత చిగుళ్లు గాలికి మాడిపోతాయి, ఆ రెండింటి వరస మాత్రం మార్చొద్దు. ఈదురుగాలుల హెచ్చరిక వచ్చిన సాయంత్రం నెట్ ఉన్నా సరే, ఎత్తగలిగిన కుండీలన్నీ హాల్లోకి తెచ్చేయండి.